అసలు మందు మా అమ్మకే పడేలా చెప్పించవచ్చా?

మేడమ్ గారికి నమస్కారం. మాది కావలి పక్కన పల్లె. మా అమ్మకు 58 ఏళ్లు. నాలుగేళ్లుగా మోకాళ్ల నొప్పులతో అల్లాడుతోంది. నెల్లూరులో మేం చూపించుకునే ఆసుపత్రిలో కొత్త మందు పరీక్ష జరుగుతోందంట. 12 వారాలు ఉచితంగా ఇస్తాం, చేరమంటున్నారు. సంతకం కోసం ఇచ్చిన కాగితాల్లో "సగం మందికి మందు, సగం మందికి మందు లేని బిళ్ల. ఎవరికి ఏదనేది కంప్యూటర్ తేలుస్తుంది. మీకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు" అని ఉంది. నొప్పితో ఉన్న మనిషికి ఉత్త బిళ్ల ఇవ్వడం మోసం కాదా? ఆ ఆసుపత్రిలో మా మేనమామకు తెలిసినాయన ఉన్నాడు. ఆయనతో చెప్పించి అమ్మకు అసలు మందే పడేట్టు చూడొచ్చా? అయినా అందరికీ మందిచ్చి, తగ్గిందా లేదా అని అడిగితే తేలిపోదా? కరోనా అప్పుడు కృష్ణపట్నం మందుతో తగ్గిందని మా ఊళ్లో ఎంతమంది చెప్పలేదు!
— ఒక పాఠకుడు, కావలి

మీ మేనమామకు తెలిసినాయన ఎంత పలుకుబడి ఉన్నవాడైనా ఈ పని చేయలేడు. ఒకవేళ చేయగలిగాడంటే ఆ పరీక్షలో మీ అమ్మను చేర్చకండి. వాళ్ల ఫలితం నమ్మడానికి పనికిరాదు. పనికిరాని పరీక్ష కోసం మీ అమ్మ 12 వారాలు నెల్లూరు బస్సెక్కి దిగాల్సిన అవసరం లేదు.

ఎందుకు చేయలేడో చెబుతాను. ఇలాంటి పరీక్షల కాగితాలు తనిఖీ చేసే పనిలో కొన్నేళ్లు ఉన్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో తెలుసు. ఎవరికి ఏ బిళ్ల అన్న జాబితా ఆ ఆసుపత్రిలో ఉండదు. రోగుల మొహం ఎన్నడూ చూడని ఒక గణాంక నిపుణుడు మొదటి రోగి చేరకముందే కంప్యూటర్‌తో దాన్ని తయారుచేసి తాళం వేసేస్తాడు. సీసాల మీద మందు పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. మీ అమ్మ సంతకం పెట్టి, రక్తపరీక్షలు, ఎక్స్‌రే అన్నీ సరిపోయాక అక్కడి కోఆర్డినేటర్ కంప్యూటర్‌లో ఆమె వివరాలు ఎక్కిస్తుంది. అప్పుడు తెర మీద "1047వ సీసా ఇవ్వండి" అన్నట్టు ఒక అంకె వస్తుంది. ఆ సీసాలో ఏముందో కోఆర్డినేటర్‌కూ తెలియదు, ఫార్మసీలో ఇచ్చే మనిషికీ తెలియదు.

ఈ వరుసలో ఒక సూక్ష్మం ఉంది. ముందు మనిషిని చేర్చుకోవాలి, ఆ తర్వాతే అంకె రావాలి. వరుస తిరగబడితే పని చెడుతుంది. "తర్వాత వచ్చే సీసా అసలు మందుది" అని డాక్టరుకు ముందే తెలిసిందనుకోండి. ఆయన దుర్మార్గుడు కానక్కర్లేదు, జాలి ఉంటే చాలు. బాగా బాధపడుతున్న ముసలమ్మ వచ్చినప్పుడు ఆ సీసా ఆమెకు దక్కేలా చూస్తాడు. తర్వాతది ఉత్త బిళ్ల అని తెలిస్తే "మీరు వచ్చే వారం రండమ్మా" అని పంపేస్తాడు. లేదా కొత్త మందు మీద మోజున్న డాక్టరైతే, తేలిగ్గా కోలుకునేవాళ్లను మందు వైపుకు తోస్తాడు. ఎటు తోసినా రెండు గుంపులూ మొదటి రోజు నుంచే సమానంగా ఉండవు.

మన దగ్గర రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పెన్నా కాలువ మొదట్లో ఉన్న మడికి కొత్త ఎరువు వేసి, చివరాఖర్లో నీళ్లందని మడికి పాత ఎరువు వేసి, పంట కోశాక "చూశారా కొత్త ఎరువు మహిమ" అంటే ఎవరైనా నవ్వుతారు. మనుషుల విషయంలో కాలువ మొదలేదో, చివరేదో పైకి కనబడదు. బరువు, వయసు, కీలు అరిగిన తీరు, ఇంట్లో చేయాల్సిన చాకిరి, మనసు దిగులు, ఇంకా మనం కొలవనివి, కొలవాలని తోచనివి ఎన్నో ఉంటాయి. వీటన్నింటినీ ఏరి సమానంగా పంచడం ఎవరివల్లా కాదు. అందుకని పంచే పని మనిషి చేతిలో పెట్టకుండా అదృష్టానికి వదిలేస్తారు. తగినంతమంది ఉంటే తెలిసినవీ తెలియనివీ అన్నీ రెండు వైపులకూ దాదాపు సమంగా చేరతాయి. దీన్నే రాండమైజేషన్ అంటారు. ఈ పద్ధతి పుట్టింది కూడా పొలాల్లోనే. 1920లలో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ పైరు మళ్ల మీద దీన్ని రూపొందించాడు. మందుల పరీక్షల్లోకి ఆ తర్వాత వచ్చింది.

"రోజు విడిచి రోజు వేరేది ఇస్తే చాలదా? ఓపీ నంబరు సరి అయితే మందు, బేసి అయితే ఉత్త బిళ్ల అంటే పోదా?" అని కొందరు డాక్టర్లే అడుగుతుంటారు. చాలదు. ఓపీ చీటీ చూడగానే ఆ మనిషికి ఏం పడుతుందో తెలిసిపోతుంది. అసలు జబ్బంతా ముందే తెలిసిపోవడంలో ఉంది. అందుకే కంప్యూటర్ జాబితాలో కూడా ఒక జాగ్రత్త తీసుకుంటారు. రెండు గుంపులూ సరిసమానంగా నిండాలని నలుగురేసి, ఆరుగురేసి చొప్పున చిన్న చిన్న కట్టలుగా పంచుతారు. నలుగురి కట్టలో ఇద్దరికి మందు, ఇద్దరికి ఉత్తది, వరుస మాత్రం తెలియదు. ప్రతి కట్టా నలుగురిదే అని డాక్టరు పసిగట్టి, మొదటి ముగ్గురికి ఏం పడిందో ఏదోలా ఊహించగలిగితే నాలుగోది చెప్పేయొచ్చు. అందుకని కట్టల పరిమాణాన్ని మారుస్తూ పోతారు, ఆ సంగతి ఆసుపత్రికి చెప్పరు.

కంప్యూటర్లు ఇంతగా లేని రోజుల్లో జాబితా బదులు అతికించిన కవర్లు పంపేవాళ్లు. రోగి చేరాక కవరు చించాలి. అక్కడే తేడా వచ్చేది. 1999లో వెలువడిన ఒక పెద్ద బీపీ పరీక్ష చూడండి. స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో 536 కేంద్రాలు, 10,985 మంది రోగులు. కాప్టోప్రిల్ అనే మందును అప్పటికి వాడుకలో ఉన్న బీపీ మందులతో పోల్చారు. పంపిణీ కవర్లతోనే. తీరా చూస్తే, మందు మొదలుపెట్టకముందే కాప్టోప్రిల్ గుంపులో బీపీ రెండో గుంపు కంటే సుమారు 2 పాయింట్లు ఎక్కువగా ఉంది. రెండు పాయింట్లేగా అనిపిస్తుంది. ఇరవై మంది ఉన్న పరీక్షలో అయితే అది ఏమీ కాదు. దాదాపు 11 వేల మందిని నిజంగా చీట్లేసి పంచితే మాత్రం సగటులో అంత తేడా కాకతాళీయంగా రాదు. కొన్నిచోట్ల కవర్లు ముందే తెరిచి చూశారన్న అనుమానం అక్కడ పుట్టింది. చివర్లో కాప్టోప్రిల్ గుంపులో పక్షవాతాలు ఎక్కువ కనిపించాయి. అది మందు వల్లనా, మొదటి నుంచీ ఆ గుంపు బీపీ ఎక్కువ కావడం వల్లనా? ఇక ఎవరు తేలుస్తారు? అంతమంది రోగులు, అన్నేళ్ల శ్రమ, కవరు దగ్గర జారిపోయింది. ఏ పరీక్ష ఫలితం చదివినా నేను ముందు చూసేది మొదటి రోజు రెండు గుంపుల వివరాలు పక్కపక్కన పెట్టిన పట్టిక. తగ్గిందా లేదా అన్నది తర్వాత చూస్తాను.

ఇక అందరికీ మందిచ్చి అడిగితే తేలిపోదా అన్నారు. మోకాలి నొప్పి విషయంలో అస్సలు తేలదు. ఈ నొప్పి ఒక్క తీరున ఉండదు, ఎక్కుతుంది, దిగుతుంది. మనిషి ఆసుపత్రికి వచ్చేది ఎప్పుడు? భరించలేనంత ఎక్కినప్పుడు. పైగా ఇలాంటి పరీక్షల్లో నొప్పి ఇంతకు మించి ఉంటేనే చేర్చుకుంటారు. శిఖరం మీద ఉన్నప్పుడు పట్టుకున్న నొప్పి, ఏ మందూ ఇవ్వకపోయినా కొన్ని వారాల్లో కొంత దిగుతుంది. దానికి తోడు పరీక్షలో చేరినవాళ్లను పలకరిస్తారు, నడక గురించి, బరువు గురించి చెబుతారు, నెల నెలా పిలుస్తారు. ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యానికి కూడా నొప్పి కొంత లొంగుతుంది. ఇంకొకటి మన మర్యాద. డాక్టరు "ఎలా ఉందమ్మా?" అంటే "ఏం లాభం లేదు సార్" అని మొహం మీద అనే ముసలమ్మలు మన జిల్లాలో ఎంతమంది ఉంటారు? "పర్లేదు సార్, కొంచెం నయమే" అంటారు. అది కూడా లెక్కలోకి ఎక్కుతుంది.

లెక్క కోసం ఇలా అనుకుందాం. నూరుమందికి కొత్త మందు ఇచ్చారు. పదికి ఏడున్న నొప్పి 12 వారాలకు నాలుగుకు దిగింది. మూడు పాయింట్లు తగ్గింది, పండగే! పక్కన ఉత్త బిళ్ల మింగిన నూరుమందిలో ఏడు నుంచి అయిదుకు దిగింది. అంటే ఆ మూడింటిలో రెండు పాయింట్లు మందువి కావు. మందు చేసింది ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటు కోసం ఎంత ధర పెట్టొచ్చు, ఎంత దుష్ప్రభావం భరించవచ్చు అన్నది అప్పుడు మాట్లాడుకోవచ్చు. రెండో గుంపు లేకపోతే మూడు పాయింట్లూ మందు ఖాతాలో పడి, మందుల షాపుల్లో ఆ ధరకే అమ్ముడవుతాయి.

కృష్ణపట్నం సంగతీ ఇంతే, నాయనా. 2021 మే నెలలో ఆ ఊరికి కట్టిన బారులు నాకూ గుర్తున్నాయి. ఆసుపత్రుల్లో పడకలు దొరక్క, ఆక్సిజన్ లేక భయంతో ఉన్న జనం ఏదో ఒక ఆధారం వెతుక్కుంటూ వెళ్లారు. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ కరోనా వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఏ మందూ లేకుండానే తగ్గింది. తీసుకున్నవాళ్లలో తగ్గినవాళ్లు చెప్పుకున్నారు, తగ్గనివాళ్లు చెప్పడానికి రాలేదు. ఆ మందులో హాని చేసే పదార్థాలు ఉన్నాయా అన్నది ఒక ప్రశ్న. దానివల్లే తగ్గిందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. రెండోదానికి జవాబు చెప్పగల పోలిక అక్కడ జరగలేదు.

ఇది నాటుమందుల మీద చిన్నచూపుతో అంటున్న మాట కాదు. అదే రోజుల్లో పెద్ద పెద్ద ఆసుపత్రులు కోలుకున్నవాళ్ల ప్లాస్మా కోసం బంధువులను ఊరంతా తిప్పాయి. అది పనిచేస్తుందా అని ఐసీఎంఆర్ 2020లో మన దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మందితో చీట్లేసినట్టు పంచి చూసింది. జబ్బు తీవ్రంగా ముదరడమో, చనిపోవడమో ప్లాస్మా ఇచ్చిన గుంపులో నూటికి 19 మందికి జరిగింది, ఇవ్వని గుంపులో 18 మందికి. అంటే తేడా లేదు. ప్లాస్మా ఎక్కించుకుని బతికినవాళ్లను విడిగా అడిగితే ప్రతి ఒక్కరూ దాని పేరే చెప్పి ఉండేవాళ్లు. ఫలితం వచ్చాక కూడా వాడకం ఆగలేదనుకోండి. జనం కృష్ణపట్నం వెళ్లిన ఆ మే నెలలోనే ప్లాస్మాను చికిత్స మార్గదర్శకాల నుంచి తీసేశారు.

ఉత్త బిళ్ల మోసమా అన్నారు. చెప్పకుండా ఇస్తే మోసమే. మీకు మాత్రం ముందే చెప్పి, రాసిచ్చి, సంతకం అడుగుతున్నారు. "మీకు రెండింటిలో ఏదైనా పడొచ్చు" అన్న మాటలో దాపరికం లేదు. ఈ ఉత్త బిళ్లనే ప్లాసిబో అంటారు. రంగు, బరువు, రుచి, సీసా, వేసుకునే వేళ అన్నీ అసలు మందులాగే ఉంటాయి, మందు మాత్రం ఉండదు.

మోకాళ్ల విషయంలో దీని విలువ ఎంతో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అది మందుది కాదు, ఆపరేషన్‌ది. అరిగిన మోకాలిలోకి గొట్టం పంపి, లోపల గీకి, కడిగి శుభ్రం చేసే ఆర్థ్రోస్కోపీ ఒకప్పుడు అమెరికాలో లక్షల్లో జరిగేది. చేయించుకున్నవాళ్లలో చాలామంది హాయిగా ఉందనేవారు. హ్యూస్టన్‌లో మోస్లీ అనే సర్జన్, ఆయన జట్టు 180 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు గీకి కడిగారు, ఇంకో గుంపుకు కడిగి వదిలారు. మూడో గుంపుకు మత్తు ఇచ్చి, చర్మం మీద మూడు చిన్న కోతలు పెట్టి, లోపల ఏమీ చేయకుండా కుట్టేశారు. ఎవరికి ఏదన్నది ఆపరేషన్ గదిలోకి వెళ్లాక కవరు తెరిస్తేనే సర్జన్‌కు తెలిసేది. ఉత్త కోతల వంతు వచ్చినప్పుడు కూడా ఆయన పనిముట్లన్నీ అడిగి తీసుకుని, మోకాలు వంచి, నీళ్ల చప్పుడు కూడా చేయించేవాడు. ముందుగా ప్రతి రోగీ "నాకు ఉత్త ఆపరేషనే జరగవచ్చు, దానివల్ల నా కీళ్ల జబ్బుకు మేలు ఉండదు" అని తన చేత్తో రాసిచ్చాడు. 2002లో ఫలితం వచ్చింది. రెండేళ్లపాటు చూసినా నొప్పిలో, నడకలో ఉత్త కోతల గుంపు కంటే మిగతా రెండు గుంపులూ మెరుగ్గా లేవు. అన్ని ఆపరేషన్లతో వచ్చిన హాయి అంతా మరి ఎక్కడిది? కొంత కాలంతో దిగింది, కొంత నమ్మకంతో దిగింది. ఉత్త కోతలు పెట్టకపోతే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

కాబట్టి మీ అమ్మకు ఉత్త బిళ్ల పడితే ఏమీ తగ్గదని అనుకోకండి. అసలు మందు పడితే లాటరీ తగిలినట్టని కూడా అనుకోకండి. అది మంచిదని తెలిసి ఉంటే ఈ పరీక్ష ఎందుకు పెడతారు? కీళ్ల నొప్పికి టానెజుమాబ్ అనే ఇంజెక్షన్ వచ్చింది. నొప్పి నిజంగానే తగ్గించింది. కానీ కొందరిలో కీళ్లు మామూలు కంటే వేగంగా అరిగిపోతున్నాయని బయటపడి 2010లో అమెరికా నియంత్రణ సంస్థ పరీక్షలు ఆపించింది. మళ్లీ మొదలై ఏళ్ల తరబడి సాగి, చివరికి 2021లో కంపెనీయే వదులుకుంది. ఆ పరీక్షల్లో ఉత్త సూది పడినవాళ్లు నష్టపోయారని అనగలమా?

అయితే ఉత్త బిళ్ల ఎక్కడపడితే అక్కడ చెల్లదు. రోగం ముదిరే జబ్బుకు మంచి మందు ఉండగా అది ఆపి ఉత్తది ఇవ్వకూడదు. క్షయకో, బీపీకో కొత్త మందు పరీక్షించాలంటే పాత మందుతో పోల్చాలి, లేదా అందరికీ పాత మందు కొనసాగిస్తూ దాని మీద కొత్తదో ఉత్తదో కలపాలి. మోకాలి నొప్పికి 12 వారాలు ఉత్త బిళ్ల ఇవ్వడాన్ని ఒప్పుకునేది, ఆ గడువులో శాశ్వత నష్టం జరగదు కాబట్టి, నొప్పి మరీ ఎక్కువైతే వేసుకోవడానికి పారాసెటమాల్ లాంటిది చేతికి ఇస్తారు కాబట్టి. అది ఇస్తున్నారో లేదో మీ కాగితాల్లో చూడండి. లేకపోతే నేనైతే సంతకం పెట్టించను.

డాక్టరుకు కూడా ఎందుకు దాచాలన్నది మీరు అడగలేదు గానీ అసలు చిక్కుముడి అక్కడే ఉంది. పంపిణీని దాచడం మొదటి రోజు పని. ఆ తర్వాత 12 వారాలూ సీసాలో ఏముందో దాచి ఉంచడం ఇంకో పని, దీన్ని బ్లైండింగ్ అంటారు. మొదటిది సరిగ్గా చేసి రెండోది చెడగొట్టుకున్న పరీక్షలు బోలెడు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ పడిశానిది. 1970లలో విటమిన్ సి వేసుకుంటే పడిశం రాదని, వచ్చినా తొందరగా పోతుందని అమెరికా అంతా ఊగిపోయింది. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ తన ఉద్యోగుల మీదే పరీక్ష పెట్టింది. 311 మంది చేరారు. కొందరికి విటమిన్ సి నింపిన గొట్టం బిళ్లలు, కొందరికి పాలచక్కెర నింపినవి. బయటికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి. కానీ మనుషులు ఊరుకుంటారా? చాలామంది గొట్టం విప్పి నాలుక మీద వేసుకున్నారు. పుల్లగా ఉంటే విటమిన్, తియ్యగా ఉంటే ఉత్తది!

తర్వాత జరిగింది చూడండి. మానేసినవాళ్లలో ఉత్త బిళ్ల గుంపువాళ్లే ఎక్కువ తేలారు. తియ్యటి బిళ్ల మింగడానికి ఎవరు నెలల తరబడి తిరుగుతారు? చివరికి లెక్క తీస్తే విటమిన్ గుంపులో పడిశం కాస్త తొందరగా తగ్గినట్టు కనబడింది. అదృష్టం బాగుండి ఆ పరిశోధకులు "మీకు ఏది ఇచ్చారనుకుంటున్నారు?" అని అందరినీ అడిగారు. ఊహించగలిగినవాళ్లను పక్కనపెట్టి, ఏది పడిందో తెలియనివాళ్లను మాత్రమే లెక్కిస్తే ఆ తేడా మాయమైపోయింది. అంటే తగ్గించింది విటమిన్ కాదు, విటమిన్ వేసుకుంటున్నామన్న ఎరుక. 1975లో ఈ ఫలితాన్ని దాచకుండా అచ్చువేశారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

రోగికే ఇలా ఉంటే, డాక్టరుకు తెలిస్తే ఇంకా చెడుతుంది. మందు పడినామెను "ఇప్పుడు మెట్లు ఎక్కగలుగుతున్నావు కదా?" అని అడుగుతాడు. ఉత్తది పడినామెను "ఇంకా నొప్పిగానే ఉందా?" అంటాడు. రెండూ ప్రశ్నలే, రెండింటిలోనూ జవాబు ముందే దూరి ఉంది. ఒక గుంపుకు పారాసెటమాల్ కాస్త ధారాళంగా రాస్తాడు, ఇంకో గుంపును ఫోన్ చేసి మరీ పలకరిస్తాడు. ఇవేవీ కావాలని చేసేవి కావు, అందుకే ఒట్టు పెట్టించుకుంటే ఆగేవి కావు. తెలియకుండా ఉంచడం ఒక్కటే దారి. ప్లాస్మా పరీక్షలో ఇలా దాచలేదు, ఎవరికి ఎక్కిస్తున్నారో అందరికీ తెలుసు. చావు లాంటివాటిలో "కొంచెం నయం" అనే సందు తక్కువ కాబట్టి అక్కడ అది కొంతవరకు చెల్లింది. నొప్పిని కొలిచే యంత్రం లేదు, మీ అమ్మ నోటి మాటే కొలత. ఆ మాట మీద ఏ గాలీ సోకకూడదు.

బ్లైండింగ్‌కు హద్దులు కూడా ఉన్నాయి. కొత్త మందు నోరు ఎండగొట్టేదో, నిద్ర తెప్పించేదో అయితే రోగి రెండో వారానికే కనిపెట్టేస్తుంది, ఏ రంగు వేసినా దాగదు. అలాంటిచోట నొప్పి అడిగి రాసుకునే మనిషిని, దుష్ప్రభావాలు చూసే డాక్టరును వేరువేరుగా పెట్టడం మంచి పద్ధతి. మీరు వెళ్లే చోట అలా చేస్తున్నారా అని అడగవచ్చు, తప్పులేదు.

చేరితే మీ అమ్మ చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. బిళ్ల కొరికి రుచి చూడవద్దు, అక్కడ పరిచయమైన ఇంకో ఆమె బిళ్లతో పోల్చి చూడవద్దు. ముఖ్యంగా, నొప్పి పట్టలేక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే ఆ మాట దాచవద్దు. మన పల్లెల్లో ఈ పరీక్షలను ఎక్కువగా చెడగొట్టేది ఇదేనని నా అనుమానం. ఉత్త బిళ్ల పడినవాళ్లు బయట గుట్టుగా నొప్పి సూదులు వేయించుకుంటే వాళ్లకూ తగ్గుతుంది, అప్పుడు పనిచేసే మందు కూడా పనిచేయనట్టు తేలుతుంది. పైగా ఆ సూదుల్లో ఏముంటుందో చెప్పరు. కొత్త మందుతో కలిస్తే కిడ్నీకి, కడుపుకు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. చెబితే తిడతారేమో అని భయపడొద్దనండి. మధ్యలో మానేయాలనిపిస్తే మానేయొచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు. కానీ వీలైతే చివరి రోజు వెళ్లి నొప్పి ఎంతుందో మాత్రం చెప్పి రమ్మనండి. బిళ్ల మానేసినవాళ్లను కూడా మొదట ఏ గుంపులో పడ్డారో ఆ గుంపులోనే ఉంచి లెక్క కడతారు. నొప్పి తగ్గనివాళ్లంతా మానేసి వెళ్లిపోతే, మిగిలినవాళ్లను చూసి అందరికీ తగ్గిందనుకునే ప్రమాదం ఉంది.

సంతకానికి ముందు చూడాల్సినవి కొన్ని. మన దేశంలో మందుల పరీక్షలను నమోదు చేసే జాబితా పేరు CTRI. మీ పరీక్షకు CTRI/ అని మొదలయ్యే నంబరు ఉందా అని అడగండి. ctri.nic.in లో వెతికితే దొరకాలి. ఏం కొలుస్తారో, ఎన్ని వారాలకు కొలుస్తారో అందులో ముందే రాసి ఉంటుంది, తర్వాత నచ్చిన అంకె ఏరుకోవడానికి వీలుండదు. పరీక్షలో చేరేవాళ్ల క్షేమం, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఆ కమిటీ ఫోన్ నంబరు కాగితంలో ఉందా చూడండి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం వాళ్లే ఉచితంగా చేయించాలి, పరిహారం కూడా ఉంటుంది. ఇవ్వగలిగిన మామూలు వైద్యాన్ని ఆపి ఉత్త బిళ్ల ఇవ్వడం వల్ల జరిగిన హాని కూడా అందులోకి వస్తుంది. కాగితాలు తెలుగులో ఇవ్వాలి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోవాలి. మీ అమ్మకు చదవడం రాకపోతే ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండి, అన్నీ చదివి వినిపించాక సంతకం చేయాలి.

మీ అమ్మకు ఒక కార్డు ఇస్తారు, అందులో ఆమె నంబరు, ఇరవైనాలుగు గంటలూ పలికే ఫోను ఉంటాయి. దాన్ని ఆధార్ కార్డుతో పాటు ఎప్పుడూ ఆమె సంచిలోనే ఉండనివ్వండి. ఏ అర్ధరాత్రో ఒళ్లు వాచి, ఊపిరి ఆడక కావలిలో ఇంకెక్కడికో తీసుకెళ్లాల్సి వస్తే, అక్కడి డాక్టరు ఆ నంబరుకు ఫోన్ చేసి ఆమె సీసాలో ఏముందో అడిగి తెలుసుకోవచ్చు. ప్రాణం మీదికి వస్తే ఆ ఒక్క మనిషి గుట్టు విప్పే ఏర్పాటు ప్రతి పరీక్షలోనూ ఉంటుంది. అలాంటిదేమీ జరగకపోతే ఆఖరి రోగి పూర్తయి, లెక్కలన్నీ మూసేశాకే జాబితా తాళం తీస్తారు. అప్పుడు మీ అమ్మకు ఏది పడిందో చెబుతారా, మందు పనిచేస్తే ఆ తర్వాత ఆమెకు ఇస్తారా అన్న రెండూ ఇప్పుడే అడిగి, జవాబు రాయించుకోండి.